ఒకే ఫోటోను రెండుసార్లు చదివించి తేడాలు పట్టడం: కొలతల పుస్తకం పేజీలకు పనికొస్తుందా?

చీమకుర్తి_గుమస్తా
క్వారీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. బ్లాకుల కొలతల పుస్తకం పేజీని మేస్త్రీ ఫోటో తీసి పంపుతాడు. బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, క్యూబిక్ మీటర్లు, అంతా చేతిరాతే. ఏఐతో షీట్‌లోకి ఎక్కిస్తున్నాను గానీ ఏ అంకె తప్పు చదివిందో తెలియడం లేదు. అదే ఫోటోను విడివిడిగా రెండుసార్లు చదివించి, తేడా వచ్చిన గళ్లను మాత్రమే నేను చూసుకోవాలని ఆలోచన. రెండోసారి ఏం మార్చాలి? పేజీకి ఖర్చెంత పడుతుంది?

కావలి_రొయ్యలచెరువు
నేనైతే రెండు ఫోటోలు తీస్తానన్నా. నీళ్ల రిపోర్టులో అమ్మోనియా 0.1 ఉంటే ఒకసారి 0.7 అని చదివింది. ఆ టెన్షన్‌తో రాత్రంతా ఏరేటర్లు ఆపలేదు. వెలుతురులో ఇంకో ఫోటో తీస్తే సరిపోయింది.

కందుకూరు_కోడ్
ఆయన అడిగింది ఒకే ఫోటో గురించి. గుమస్తా గారూ, చాలా సులువు. జవాబు ప్రతిసారీ ఎంత మారొచ్చో చెప్పే టెంపరేచర్ సెట్టింగ్‌ను సున్నా పెట్టి అదే ప్రాంప్ట్‌తో రెండుసార్లు నడపండి. రెండూ ఒకటే వస్తే ఆ అంకె కరెక్టు.

ఒంగోలు_డబుల్ఎంట్రీ
ఈ సలహా ఎవరూ పాటించొద్దు. టెంపరేచర్ సున్నా పెడితే మొదటిసారి చేసిన తప్పునే దాదాపు మళ్లీ చేస్తుంది. రెండూ కలిశాయని మీరు నిశ్చింతగా ఉంటారు, తప్పు అలాగే ఉంటుంది. డేటా ఎంట్రీలో తల నెరిసినవాణ్ణి. మా దగ్గర ఒకే ఫారాన్ని ఇద్దరు కొట్టేవాళ్లు, ఒకరి స్క్రీన్ ఇంకొకరికి కనపడనిచ్చేవాళ్లం కాదు. ఇక్కడా అంతే. మొదటిసారి పేజీ మొత్తం ఇవ్వండి. రెండోసారి వరుసలుగా కత్తిరించి, పెద్దది చేసి, వీలైతే వేరే కంపెనీ మోడల్‌కు ఇవ్వండి. మొదటి పట్టిక చూపించి "సరిచూడు" అని మాత్రం అడగొద్దు, చాలాసార్లు సరే అనేస్తుంది.

కందుకూరు_కోడ్
తల నెరిస్తే మోడళ్లు తెలిసినట్టేనా? పొగాకు బేళ్ల చీటీలు నేను రోజూ ఎక్కిస్తాను. అదే మోడల్‌కు కత్తిరించిన ముక్క ఇస్తే వేరే జవాబు వచ్చి తప్పులు దొరికాయి. వేరే కంపెనీకి డబ్బులు ఎందుకు పొయ్యాలి?

ఒంగోలు_డబుల్ఎంట్రీ
ముక్క ఇచ్చారంటే ఇన్‌పుట్ మార్చినట్టే కదా, అందుకే దొరికాయి. పైన మీరు చెప్పింది అది కాదు. మాట మార్చకండి. ఇన్‌పుట్ మార్చినా అదే మోడల్ అయితే ఆ మేస్త్రీ 7ని రెండుసార్లూ 1గానే చూడొచ్చు.

చీమకుర్తి_గుమస్తా
గొడవ వద్దు సార్, ఇద్దరు చెప్పినట్టూ చేసి చూశాను. ఒక బ్లాకు పొడవు ఒకసారి 285, ఇంకోసారి 235 వచ్చింది. వెడల్పు 170, ఎత్తు 165, పుస్తకంలో రాసిన ఘనం 7.994. సెంటీమీటర్లలో మూడూ గుణించి పది లక్షలతో భాగిస్తే 285కి 7.994 వస్తోంది, 235కి 6.592. అంటే 285 సరైనది. దాని కింది బ్లాకులో వెడల్పును రెండుసార్లూ 110 అనే చదివింది, తేడా చూపలేదు. ఘనం మాత్రం కలవలేదు. ఫోటో పెద్దది చేసి చూస్తే 170. ఇప్పుడు ప్రతి వరుసకూ ఇది పెట్టాను:

```
=ROUND(B2*C2*D2/1000000,3)=E2
```

ఒంగోలు_డబుల్ఎంట్రీ
ఇదే కావాల్సింది. ఒక్క జాగ్రత్త: పొడవు, వెడల్పు తారుమారైనా ఘనం మారదు, ఆ తప్పు రెండు పట్టికలను పోల్చినప్పుడే బయటపడుతుంది. ఇంకోటి, వరుస క్రమంలో పోల్చొద్దు. ఒక పట్టికలో ఒక వరుస ఎగిరిపోతే దాని కిందవన్నీ తేడాలుగా కనిపిస్తాయి. బ్లాకు నంబరుతో జత చేయండి. జత దొరకని నంబర్లను విడిగా తీసి ముందు వాటినే చూడండి, నంబరే తప్పు చదివి ఉండొచ్చు.

గ్రానైట్_బయ్యర్
మీరంతా మర్చిపోతున్నారు. కొన్ని పుస్తకాల్లో కొలతలు గ్రాస్‌వి రాసి, ఘనం మాత్రం పగుళ్లు, వంకర అంచుల కింద వదిలే అలవెన్స్ తీసేశాక నెట్‌ది వేస్తారు. అలాంటి పేజీలో ఈ ఫార్ములా ప్రతి వరుసనూ తప్పంటుంది. అసలు ఆ అలవెన్స్ పేరుతో మాకు జరిగే అన్యాయం...

చీమకుర్తి_గుమస్తా
మావి నెట్ కొలతలేనండీ, రెండూ ఒకటే.

గ్రానైట్_బయ్యర్
అమ్మేవాళ్లందరూ అదే అంటారు! బ్లాకు మూల పగిలి ఉంటే దాన్ని ఎవరు తీసేస్తున్నారు?

కందుకూరు_కోడ్
అది వేరే చోట తేల్చుకోండి. గుమస్తా గారూ, పైదే అని రెండు చుక్కలు పెట్టిన గళ్లు ఏమవుతున్నాయి? మా చీటీల్లో గ్రేడు దగ్గర ఒక మోడల్ ఖాళీ వదిలింది, ఇంకోటి పై వరుస గ్రేడును దించేసింది.

చీమకుర్తి_గుమస్తా
నాకూ రంగు కాలమ్‌లో అదే వస్తోంది. కనపడింది కనపడినట్టే రాయమని, చుక్కలుంటే చుక్కలే పెట్టమని చెప్పాను. కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

కావలి_రొయ్యలచెరువు
మరి నీళ్ల రిపోర్టులో గుణించడానికి ఏమీ లేదే. pH, సెలినిటీ, అమ్మోనియా దేనికదే. రెండూ 0.7 అంటే నేనేం చెయ్యాలి?

ఒంగోలు_డబుల్ఎంట్రీ
అక్కడ లెక్క సాయపడదు తమ్ముడూ. కలిసినా సరే, మందు వెయ్యడానికి ముందు ఆ గడిని నీ కళ్లతో కాగితం మీద చూసుకో.