పాప పుట్టింది, పోస్టు పెట్టేముందు ఒక సలహా కావాలి

నాలుగు రోజుల క్రితం మాకు పాప పుట్టింది. నిద్ర లేదు గానీ, అందరికీ చెప్పేయాలని ఒకటే ఆత్రం. ఫోటో ఎంచి, నాలుగు ముక్కలు రాసి, నొక్కబోతుంటే మా ఆవిడ ఆపింది. "దాని చేతి పట్టీ చూశారా?" అంది. పెద్దది చేసి చూద్దును కదా, తల్లి పేరు, ఆసుపత్రి నంబరు, పుట్టిన తేదీ, టైముతో సహా చదవొచ్చు! ఆ ఫోటో తీసేసి, పాప పిడికిట్లో నా వేలున్నది పెట్టాను. రాసినదాంట్లో తేదీ కొట్టేసి "ఈ వారం మా ఇంటికి పాప వచ్చింది" అని మార్చాను. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్‌కి మాత్రమే అని పెట్టినా, ఆవిడను ట్యాగ్ చేస్తే ఆవిడ ఫ్రెండ్స్‌కీ కనబడుతుందట. సరే, ట్యాగ్ కూడా మానేశా.

ఇవన్నీ తేలికే. అసలు చిక్కు మా చెల్లెలు. రెండు నెలల క్రితమే తనకి గర్భం పోయింది. పాప సంగతి ఇంకా చెప్పలేదు, పోస్టులో చూసి తెలుసుకోకూడదు. అమ్మేమో ఫోన్ చేయమంటుంది. ఫోన్లో అయితే ఏడుపొచ్చినా ఆపుకుని "కంగ్రాట్స్ అన్నయ్యా" అనాల్సి వస్తుంది పాపం. మెసేజ్ అయితే తీరిగ్గా చదువుకుంటుంది, కానీ మరీ పొడిగా ఉంటుందేమో.

తన పరిస్థితిలో ఉన్నవాళ్లు చెప్పండి, మీకైతే ఏది నయమనిపించేది? మెసేజ్ పెట్టి ఎన్నాళ్లు ఆగి పోస్టు వేయాలి? త్వరగా చెప్పండి, మా పెద్దమ్మ ఇప్పటికే స్టేటస్‌కి ఫోటో అడుగుతోంది.