స్విచ్‌ని మాడ్ చేసి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాన్ రాదా?

చరణ్_టెన్త్: నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌ని మాడ్ చేసి, అంటే కంపెనీ ఒప్పుకోని ప్రోగ్రాములు కూడా నడిచేలా మార్చి, ఎప్పుడూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఆడుకుంటే బ్యాన్ ఎలా వస్తుంది? నెట్‌కే వెళ్ళనప్పుడు వాళ్ళకెలా తెలుస్తుంది? వారంటీ ఇంకా ఆరు నెలలుంది.

టంకంపొగ: నెట్ ఆపితే కబురు వెంటనే వెళ్ళదు, అంతే. కన్సోల్ ఏ ఆట ఎంతసేపు నడిచిందో, ఎక్కడ క్రాష్ అయిందో లోపలి మెమరీలో రాసుకుంటూనే ఉంటుంది. నెల తర్వాత నువ్వో, మీ చెల్లో వైఫై ఆన్ చేస్తే పోగుపడిందంతా ఒక్కసారిగా పైకి పోతుంది. బ్యాన్ సాధారణంగా పడేది నీ ఖాతా మీద కాదు, కన్సోల్ మీద. ఫ్యాక్టరీలో ప్రతి కన్సోల్‌కీ విడిగా ఒక సర్టిఫికెట్ పెడతారు. మెమరీలో దాన్ని ఉంచే భాగాన్ని PRODINFO అంటారు. సర్వర్ ఆ సర్టిఫికెట్‌ని నిరాకరిస్తే తెర మీద `2124-4007` అని వస్తుంది. ఇక ఆన్‌లైన్ ఆట లేదు, ఆటలు కొనే ఈషాప్ తెరుచుకోదు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా PRODINFO చెరగదు కాబట్టి బ్యాన్ అలాగే ఉంటుంది.

హోమ్‌బ్రూ_హరి: మళ్ళీ భయపెట్టడం మొదలైంది. ఈ రోజుల్లో అసలు మెమరీని ఎవరూ ముట్టుకోరు. దాని నకలు ఎస్‌డీ కార్డు మీద పెట్టుకుని మాడ్ అంతా అందులోనే నడుపుతారు. దాన్నే ఈమ్యూఎమ్ఎమ్‌సీ అంటారు. కన్సోల్ రాసుకునే ఆ లాగ్‌లు కూడా నకలులోనే పడతాయి. పైగా కన్సోల్ గుర్తింపు ఖాళీగా కనపడేలా చేసే సెట్టింగ్ ఉంది. చేతకాని వాళ్ళకే బ్యాన్‌లు వస్తాయి.

గోడమీదపిల్లి: ఫాలో అవుతున్నా.

అనూష.కె: మా తమ్ముడిది చిప్ వేయమని ఓ రిపేరు అతనికి ఇచ్చాం. తిరిగొచ్చాక ఆన్ అవలేదు, నల్ల తెర. "ముందే పాడై ఉంది" అన్నాడు. డబ్బూ తిరిగివ్వలేదు. ఇలాంటి వాళ్ళ మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

హోమ్‌బ్రూ_హరి: అది రిపేరు వాడి తప్పు, మాడ్ తప్పు కాదు. ఇక్కడ అడిగింది బ్యాన్ గురించి.

టంకంపొగ: చరణ్ వారంటీ గురించి కూడా అడిగాడు హరీ. నువ్వు చెప్పిన నకలు పద్ధతి నిజమే, లాగ్‌లు విడిగానే ఉంటాయి. కానీ ఆ నకలులో ఉండేది అసలు దాని సర్టిఫికెట్టే. గుర్తింపు దాచే సెట్టింగ్ ఎస్‌డీ కార్డు మీదున్న ఒక చిన్న ఫైలు. మాడ్ ఫైళ్ళు కొత్తవి వేసేటప్పుడు పాతవన్నీ చెరిపేస్తే అదీ పోతుంది, ఏ హెచ్చరికా రాదు. ఇంకో తప్పు ఇంతకంటే మామూలుగా జరిగేది. బూట్ మెనూలో ఒక వరస కిందకి వెళ్ళి, నకలు అనుకుని అసలు మెమరీలోకే పైరేటెడ్ ఆట ఎక్కిస్తారు. డిజిటల్ ఆటకి, కొన్నట్టు రుజువుగా, కంపెనీ సంతకం చేసిన టికెట్ ఉంటుంది. పైరేటెడ్ దానికి దొంగ టికెట్ ఉంటుంది, లేదా ఇంకొకరు కొన్న టికెట్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో చూపించగానే తేలిపోతుంది.

హోమ్‌బ్రూ_హరి: అంటే జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదనేగా!

టంకంపొగ: చరణ్, నీది ఏ మోడల్?

చరణ్_టెన్త్: ఓఎల్ఈడీ అన్నా. కేబుల్ పెట్టి చేసేయొచ్చని వీడియోలో చూశా.

టంకంపొగ: నీకు ఆ దారి లేదు తమ్ముడూ. వీడియోలో చూపించింది 2018లో బయటపడిన లోపం. అది ప్రాసెసర్ లోపల చెరగని మెమరీలో ఉంది కాబట్టి అప్‌డేట్‌తో మూయలేకపోయారు. 2018 మధ్య నుంచి తయారైన వాటిలో ఫ్యాక్టరీలోనే సరిచేశారు. ఓఎల్ఈడీ వచ్చింది 2021లో. కాబట్టి విప్పి, చిప్ అతికించాల్సిందే. బూట్ అయ్యే క్షణంలో ఆ చిప్ ప్రాసెసర్ వోల్టేజిని రెప్పపాటు పడగొట్టి, సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా అని చూసే సంతకం తనిఖీని తప్పిస్తుంది. దానికి ప్రాసెసర్ పక్కనున్న ఇసుక రేణువంత కెపాసిటర్ల మీద టంకం వేయాలి.

అంతకంటే కష్టమైనది మెమరీ చిప్ నుంచి ఒక డేటా లైను తీసుకోవడం. ఆ లైను మెమరీ చిప్ అడుగున ఉంటుంది. ఓఎల్ఈడీలో ఆ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. పల్చటి రేకు లాంటి అడాప్టర్‌ని దాని కిందకి దూర్చుతారు. నెట్టడం కాస్త ఎక్కువైతే కింది టంకం గుండ్లు చితుకుతాయి. వేడి ఎక్కువైతే రాగి ప్యాడ్ బోర్డు నుంచి ఊడొస్తుంది. అప్పుడు కన్సోల్ తన మెమరీని తానే చదవలేదు, నల్ల తెరే మిగులుతుంది. అనూష గారు చెప్పిన లక్షణం దీనికి సరిపోతుంది, కానీ విప్పి చూడకుండా అదేనని అనలేను.

అనూష.కె: వేరే కన్సోల్ మెమరీ తెచ్చి వేస్తే పని చేయదా?

టంకంపొగ: చేయదండీ. అందులోని డేటా ఆ ఒక్క ప్రాసెసర్ తాళంతోనే తెరుచుకుంటుంది. మీ కన్సోల్‌దే బ్యాకప్ ముందే తీసి ఉండాలి. విప్పేముందు, మాడ్ చేయని కన్సోల్ నుంచి అది తీసే మార్గం లేదు, చిప్ పనిచేశాకే తీయగలరు. అతికించేటప్పుడే పాడైతే బ్యాకప్ అసలు ఉండదు. మదర్‌బోర్డు స్థాయి రిపేరు చేసేవాళ్ళకి చూపించండి. లైను మాత్రమే తెగితే సన్న తీగతో కలిపే అవకాశం ఉంటుంది.

గోడమీదపిల్లి: సీల్ స్టిక్కర్ చింపినంత మాత్రాన వారంటీ పోదని విన్నాను?

హోమ్‌బ్రూ_హరి: కరెక్ట్! అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2018లో కంపెనీలకి లేఖలే రాసింది.

టంకంపొగ: రాసింది, అది స్టిక్కర్ గురించి, వేరే పార్టులు వాడటం గురించి, అదీ అక్కడి చట్టం. ప్యాడ్ ఊడిన బోర్డుని ఏ చట్టమూ వారంటీలో చేర్చదు. పైగా చిప్ పీకేసి పంపినా టంకం మరకలు, కోసిన షీల్డు కనపడతాయి.

హోమ్‌బ్రూ_హరి: నీకు మాడ్ అంటేనే పడదు. సేవ్ ఫైళ్ళు బ్యాకప్ చేసుకోవడం, సొంతంగా రాసిన ప్రోగ్రాములు నడుపుకోవడం దొంగతనమా? డబ్బు పెట్టి కొన్న వస్తువు నాది. దాని మీద కంపెనీ పెత్తనం ఏంటి? పిల్లలకి నువ్వు నేర్పేది అణిగి ఉండమని!

టంకంపొగ: దొంగతనం అని నేనెక్కడా అనలేదు, సొంత ప్రోగ్రాముల విషయంలో నీతో ఏకీభవిస్తా. పైరేటెడ్ కాపీ వేరు, అది ఆట చేసినవాళ్ళ డబ్బు. నాకు అభ్యంతరం "జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు" అన్న మాట మీద. వాళ్ళు ఏం చూసి పట్టుకుంటారో మనకి చెప్పరు. ఈ రోజు పట్టించుకోని లాగ్‌ని వచ్చే ఏడాది చూడొచ్చు, అప్పటికి అది వెళ్ళిపోయి ఉంటుంది. 2025 మేలో నింటెండో తన ఒప్పందాన్ని మార్చి, నిబంధన మీరితే కన్సోల్‌ని పూర్తిగానో కొంతవరకో శాశ్వతంగా పనిచేయకుండా చేయొచ్చని రాసుకుంది. ఆ తర్వాతి నెలలో స్విచ్ 2 విడుదలైంది. ఆటల కాపీలు నడిపే మిగ్ ఫ్లాష్ కార్డు పెట్టినవాళ్ళకి బ్యాన్‌లు రావడం వెంటనే మొదలైంది, తాము కొన్న ఆటల బ్యాకపే ఆడామన్న వాళ్ళకి కూడా. వాళ్ళంతా చేతకాని వాళ్ళా?

హోమ్‌బ్రూ_హరి: అది అన్యాయమనే నేనూ అంటున్నా. అన్యాయమని తెలిసీ తల వంచమంటావు, అక్కడే మనకి పడనిది.

టంకంపొగ: అన్యాయం మీద పోట్లాడాలంటే నీ కన్సోల్‌ని పణంగా పెట్టి పోట్లాడు. చరణ్ దగ్గర ఉన్నది ఒక్కటే.

చరణ్_టెన్త్: చిప్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడతా. మరి సెకండ్‌హ్యాండ్ కార్ట్రిడ్జ్ కొంటే పర్లేదా?

టంకంపొగ: ప్రతి కార్ట్రిడ్జ్‌కీ తన సర్టిఫికెట్ ఉంటుంది. అమ్మినవాడు దాన్ని ముందే కాపీ చేసుకుని ఉంటే, ఒకే సర్టిఫికెట్ రెండు చోట్ల నుంచి ఆన్‌లైన్‌కి వస్తుంది. ఎవరిది అసలో సర్వర్‌కి తెలియదు. స్విచ్ 2 వచ్చిన కొత్తలో ఇలా పాత కార్ట్రిడ్జ్ కొని బ్లాక్ అయినవాళ్ళున్నారు. అమ్మకం ప్రకటన, కార్ట్రిడ్జ్ ఫొటోలు సపోర్ట్‌కి పంపితే బ్యాన్ తీసిన సందర్భం ఉంది. కాబట్టి కొనేటప్పుడు ప్రకటన స్క్రీన్‌షాట్, అమ్మినవాళ్ళతో చాట్, కార్ట్రిడ్జ్ రెండు వైపులా ఫొటో దాచుకో. కొన్న రోజే పెట్టి ఒకసారి ఆన్‌లైన్‌లో ఆడి చూడకు, ముందు ఇవి భద్రం చెయ్యి.

హోమ్‌బ్రూ_హరి: చూశావా, ఏ తప్పూ చేయనివాడు కూడా రుజువులు దాచుకోవాలట. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.