అప్‌డేట్: ఎట్టకేలకు సాయంత్రం క్లాసులో చేరాను

నేను అడిగింది: "నలభై ఏళ్ల గుమాస్తాని, ఉండేది చెన్నై. ఇప్పుడు అకౌంట్స్ నేర్చుకుంటే బుర్రకెక్కుతుందా?"

ఎక్కుతోంది. క్లాసు టీ నగర్‌లో. రంగనాథన్ వీధి జనంలోంచి బయటపడేసరికే సగం ఓపిక అయిపోతుంది, అది వేరే సంగతి.

ఈరోజు బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే మన పుస్తకానికీ బ్యాంకు లెక్కకీ తేడా ఎందుకొచ్చిందో చూసి సరిపోల్చడం. క్యాష్ బుక్‌లో నిల్వ 50,000, పాస్‌బుక్‌లో 57,700. మనమిచ్చిన 8,000 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు, అందుకే అక్కడ ఎక్కువుంది. బ్యాంకు కోసుకున్న 300 ఛార్జీ మన పుస్తకంలో లేదు. మన 50,000కి ఆ 8,000 కలిపి, ఈ 300 తీసేస్తే లెక్క కుదిరింది. ఛార్జీ మాత్రం మనం రాసుకోవాలి. చెక్కుకు కొత్తగా ఏమీ రాయక్కర్లేదు, బ్యాంకు చెల్లించగానే అదే సర్దుకుంటుంది.

ఆఫీసులో ఏళ్ల తరబడి ఈ రీకన్సిలియేషన్ కాగితం మీదే టిక్కులు పెడుతున్నాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు!

పక్క బెంచీ కుర్రాడు "అంకుల్, నోట్సు ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను.