కొత్త పొరుగువారికి రాసిన ఈ చీటీ సరిగా ఉందా?

మా ఎదురు ఫ్లాటులోకి మొన్న ఒక కుటుంబం వచ్చింది. సామాను సర్దుకుంటున్నవారి తలుపు తట్టడం బాగుండదని, ఒక చీటీ రాసి తలుపు కిందుగా లోపలికి జరుపుదామనుకుంటున్నాను. మొదట "మీరెంతమంది, ఎక్కడ పనిచేస్తారు, తప్పక మా ఇంటికి రండి" అని రాశాను గానీ, మళ్లీ చదివితే ఆరా తీస్తున్నట్టు అనిపించి కొట్టివేశాను. ఇప్పుడు మిగిలినది ఇది:

"నమస్కారం. మన భవనానికి స్వాగతం. మేము ఎదురుగా 302లో ఉంటాము. చెత్త తీసుకువెళ్లే వేళలు వంటి వివరాలేవైనా కావలసివస్తే ఈ కింది నంబరుకు సందేశం పంపండి. దీనికి జవాబు రాయనక్కరలేదు."

చివరి వాక్యం వారికి మొహమాటం లేకుండా చేస్తుందని నా ఉద్దేశం. మా ఇంట్లోవారు మాత్రం అది ముఖం తిప్పుకున్నట్టుందంటున్నారు. దానిని ఉంచాలా, లేక "తీరిక చిక్కినప్పుడు కలుద్దాం" అని మార్చాలా?