పంచదార స్పెసిఫిక్ రొటేషన్ 59 వచ్చింది: తప్పు పంచదారదా, ద్రావణానిదా?

శ్రావ్య_బీఎస్సీ

పంచదార ద్రావణం ధ్రువిత కాంతిని ఎన్ని డిగ్రీలు తిప్పుతుందో పోలారిమీటర్‌తో కొలిచాను. పంచదారకి స్పెసిఫిక్ రొటేషన్ 66.5 రావాలి కదా, నాకు 59 వస్తోంది. కిరాణా కొట్టు పంచదార 20 గ్రాములు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాను. దాన్నే పలచన చేసి 15, 10, 5 శాతం చేశాను. 20 సెం.మీ. ట్యూబ్, సోడియం దీపం. నీటి రీడింగ్ తీసేశాక వచ్చిన కోణాలు వరసగా 23.7, 17.8, 11.8, 5.9 డిగ్రీలు. పంచదార కల్తీదా? రికార్డులో ఏం రాయాలి?

గోదారోడు

కల్తీయే. నాలుగు ద్రావణాలకీ ఒకే విలువ వచ్చిందంటే పరికరం బాగున్నట్టే, మీ కన్నూ బాగున్నట్టే. చూడటంలో తప్పు జరిగి ఉంటే ఒకటి 57, ఇంకోటి 62 అని చెల్లాచెదురుగా వచ్చేవి. 59ని 66.5తో భాగిస్తే 0.89. అంటే మీరు తూచిన దానిలో నూటికి 89 పాళ్లే సుక్రోజ్, మిగతాది తేమ, ఇంకేవో. ల్యాబ్‌లో సీసాలో దొరికే శుద్ధ సుక్రోజ్‌తో మళ్లీ చేయండి, సరిపోతుంది.

చెరకు_కెమిస్ట్

గోదారోడు గారూ, నాలుగూ ఒకేలా తగ్గాయన్న మీ గమనిక సరైనదే, దాన్నుంచి తేల్చిన మాట కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే తెల్ల పంచదారలో సుక్రోజ్ 99.5 శాతం పైనే ఉంటుంది. నూటికి 11 పాళ్లు తేమ ఉన్న పంచదార గింజల్లా రాలదు, తడి ముద్దలా చేతికి అంటుకుంటుంది. కిరాణా పంచదార వల్ల 66.5 కాస్తా 66.2 కావచ్చు, 59 మాత్రం కాదు.

తప్పు ప్రశ్నలోనే కనబడుతోంది: "100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో". నీళ్లు 100 మి.లీ.నా, ద్రావణం 100 మి.లీ.నా? ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పోల్, అంటే కోణాన్ని బట్టి సుక్రోజ్ శాతం, చూసేటప్పుడు 26 గ్రాములు తూచి, ఫ్లాస్క్‌లో కొద్ది నీటితో కరిగించి, ఆ తర్వాతే 100 మి.లీ. గీత దాకా నీళ్లు నింపుతారు. 20 సెం.మీ. ట్యూబ్‌లో శుద్ధ సుక్రోజ్‌కి అప్పుడు దాదాపు 34.6 డిగ్రీలు తిరుగుతుంది. అవే 26 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో వేస్తే ద్రావణం గీత దాటి పైకి పోతుంది, కోణం పడిపోతుంది.

శ్రావ్య_బీఎస్సీ

మెజరింగ్ జార్‌తో 100 మి.లీ. నీళ్లు కొలిచి బీకరులో పోసి, అందులో పంచదార వేశాను. 20 శాతం అంటే అదే కదండీ?

చెరకు_కెమిస్ట్

కాదమ్మా. సూత్రంలో ఉన్న c అంటే ఒక మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాముల పంచదార ఉందో అది.

S = θ / (l × c), S స్పెసిఫిక్ రొటేషన్, θ కోణం డిగ్రీల్లో, l ట్యూబ్ పొడవు డెసీమీటర్లలో, c గ్రా./మి.లీ.లో

కరిగినంత మాత్రాన పంచదార చోటు ఆక్రమించకుండా ఉండదు. ఒక్కో గ్రాము సుమారు 0.62 మి.లీ. చోటు తీసుకుంటుంది. 20 గ్రాములకి 12.4 మి.లీ. మీ బీకరులో ఉన్నది 100 కాదు, 112.4 మి.లీ. కాబట్టి c విలువ 0.200 కాదు, 0.178. ఇప్పుడు తిప్పి లెక్క వేద్దాం: 66.5 × 2 × 0.178 = 23.7. మీ వెర్నియర్ చూపించింది సరిగ్గా అదే. కోణం మీరు బాగానే చదివారు, భాగించిన సంఖ్య తప్పు.

గోదారోడు

ఒప్పుకోవడానికి ఒక అడ్డు ఉంది. ఘనపరిమాణమే కారణమైతే చిక్కటి దానిలో తప్పు ఎక్కువ, పలచటి దానిలో తక్కువ ఉండాలి. 5 గ్రాములు చేర్చితే పెరిగేది 3 మి.లీ.నే కదా. మరి 5 శాతం ద్రావణానికీ 59 ఎందుకు వచ్చింది? ఒకే నిష్పత్తిలో తగ్గడం కల్తీ లక్షణమే.

చెరకు_కెమిస్ట్

ఇది అడగాల్సిన ప్రశ్నే. నాలుగు ద్రావణాలనీ విడివిడిగా తూచి, ఒక్కోదాన్ని 100 మి.లీ. నీళ్లలో కలిపి ఉంటే మీరన్నట్టే జరిగేది. 5 గ్రాములకి 64.5, 10కి 62.6, 20కి 59.2 వచ్చేవి. చిక్కబడే కొద్దీ విలువ దిగుతూ పోతుంది, గ్రాఫు గీత పైకి పోతూ వంగుతుంది. అలా కనబడితే చూడగానే కారణం తెలిసిపోతుంది.

కానీ ఆమె ఒకే స్టాక్‌ని పలచన చేసింది. స్టాక్‌లో c తప్పు 11 శాతం. దాన్నుంచి 50 మి.లీ. తీసి గీత దాకా 100 చేస్తే c సగమవుతుంది, తప్పు మాత్రం అదే 11 శాతం. అందుకే గీత తిన్నగా వచ్చింది, సున్నా గుండా పోయింది, ఏ లోపమూ లేనట్టు కనబడింది. కల్తీకీ స్టాక్ తప్పుకీ గ్రాఫులో తేడా తెలియదు. మీరు గ్రాఫు ఒక్కటే చూశారు, తయారీ చూడలేదు.

నల్గొండ_రవి

నాదీ ఇదే సమస్య. గ్లూకోజ్ పొడి 10 గ్రాములు ఫ్లాస్క్‌లో గీత దాకానే చేశాను. మొదట కోణం చాలా ఎక్కువ వచ్చింది, అరగంటకి బాగా తగ్గింది, ఇంకా తగ్గుతూనే ఉంది. ఘనపరిమాణం మారుతోందా?

ల్యాబ్_మాస్టారు

రవీ, మీది వేరే విషయం. గ్లూకోజ్ రెండు రూపాల్లో ఉంటుంది. పొడిలో సాధారణంగా ఉండేది ఆల్ఫా రూపం, దాని విలువ దాదాపు 112. నీళ్లలో పడ్డాక కొంత బీటా రూపంలోకి, అంటే 18.7 ఉన్న దానిలోకి మారుతూ చివరికి 52.7 దగ్గర నిలుస్తుంది. ద్రావణాన్ని రాత్రంతా ఉంచి చూడండి, లేదా ఒకటి రెండు చుక్కల అమోనియా వేస్తే త్వరగా స్థిరపడుతుంది. పంచదారకి ఈ బాధ లేదు. దాని రీడింగ్ గంటల్లో తగ్గుతుంటే ఆమ్లం కలిసిందో, పులిసిందో చూడాలి.

ఇక శ్రావ్య విషయం. కెమిస్ట్ గారి లెక్క నాకూ నచ్చింది, కానీ లెక్క కుదిరినంత మాత్రాన కారణం రుజువైనట్టు కాదు. అదే 11 శాతం ఇంకో దారిలోనూ రావచ్చు. ట్యూబ్ పొడవు మూతలతో కలిపి బయట కొలిచి ఉంటే, గాజు బిళ్లల మధ్య అసలు పొడవు 18 సెం.మీ.నే కావచ్చు. అప్పుడూ అన్ని ద్రావణాలకీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి ట్యూబ్ మీద చెక్కిన అంకె చూడు. స్టాక్ మిగిలి ఉంటే డెన్సిటీ బాటిల్ తీసుకో. ముందు నీటితో నింపి తూచు, తర్వాత అదే బాటిల్‌ని స్టాక్‌తో నింపి తూచు. నీళ్లు 25.00 గ్రాములు పడితే, గీత దాకా చేసిన 20 శాతం ద్రావణం 26.9 గ్రాములు ఉండాలి. 100 మి.లీ. నీళ్లలో వేసినదైతే 26.7. తేడా 0.2 గ్రాములే, కానీ 0.01 గ్రాము చూపే త్రాసుకి అది చాలా పెద్దది.

మళ్లీ చేసేటప్పుడు ఇంకొక్క మాట. పోలారిమీటర్ ఐపీస్‌లో రెండు సగాలూ సమానంగా కనబడే చోట్లు రెండు రకాలు. ఒకచోట రెండూ మసక చీకటిగా ఉంటాయి, అక్కడ అనలైజర్‌ని అర డిగ్రీ కదిపినా ఒక సగం వెలుగుతుంది, రెండోది నల్లబడుతుంది. దానికి 90 డిగ్రీల దూరంలో రెండూ వెలుగుగా సమానమవుతాయి, అక్కడ రెండు మూడు డిగ్రీలు తిప్పినా తేడా పట్టలేం. మసకగా ఉన్న చోటే నీటికీ, ద్రావణానికీ రీడింగ్ తీసుకోవాలి. ట్యూబ్ మూత గట్టిగా బిగిస్తే గాజు బిళ్ల ఒత్తిడికి గురై అదే కాస్త కోణం చేర్చేస్తుంది. కారకుండా ఉంటే చాలు. బుడగ ఉంటే ఉబ్బు ఉన్న వైపుకి జరుపు.

శ్రావ్య_బీఎస్సీ

ట్యూబ్ మీద 20 అనే చెక్కి ఉంది. బాటిల్‌లో నీళ్లు 24.92, స్టాక్ 26.63 గ్రాములు.

చెరకు_కెమిస్ట్

26.63 ÷ 24.92 = 1.0686. గీత దాకా చేసినదైతే 1.076 దాటేది. నీళ్లలో వేసినదానికి రావాల్సింది 1.068. తేలిపోయింది. ఇక మళ్లీ చేయక్కర్లేదు. c స్థానంలో 0.178 పెట్టు, 23.7 ÷ (2 × 0.178) = 66.6. కారణం రాసి ఈ విలువే రికార్డులో వెయ్యి.

ల్యాబ్_మాస్టారు

ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ 0.178 ఎక్కడి నుంచి వచ్చింది? జార్‌తో కొలిచిన 100 మి.లీ. నుంచి. జార్‌లో ఒక మి.లీ. అటూ ఇటూ అయితే c సుమారు 0.9 శాతం కదులుతుంది, జవాబు 66.0 నుంచి 67.2 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 66.6 రావడం బాగుంది, కానీ అంత దగ్గరగా చెప్పే హక్కు ఆ జార్ ఇవ్వదు. 20 గ్రాములు తూచి, 60 మి.లీ. నీటిలో పూర్తిగా కరిగించి, వడగట్టి, ఫ్లాస్క్‌లోకి మార్చి, బీకరు రెండు మూడుసార్లు కడిగిన నీళ్లూ అందులోనే పోసి, గీత దాకా నింపి మళ్లీ చేయాలి. అప్పుడు 26.6 డిగ్రీలు రావాలి.

చెరకు_కెమిస్ట్

జార్‌ని నమ్మకండి, సరే. బాటిల్ తూకాన్ని నమ్మవచ్చు కదా? సాంద్రత నుంచి సుక్రోజ్ పట్టికలో నేరుగా శాతం చూడొచ్చు, జార్‌తో పనే లేదు. 0.01 గ్రాము త్రాసుతో అదీ అర శాతం పైచిలుకు దాకా పొరపాటు ఇస్తుందని నాకు తెలుసు. అయినా కొలిచిన దాన్ని పారేయడం కన్నా, ఆ పొరపాటు ఎంతో చెబుతూ రాయడమే మేలంటాను.

గోదారోడు

కల్తీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటి అడగాలి: నాలుగు విలువల సగటు రాయాలా, గ్రాఫు వాలు రాయాలా? మాకు సగటే చెప్పారు.

ల్యాబ్_మాస్టారు

వాలు. నీటి రీడింగ్‌లో 0.3 డిగ్రీ పొరపాటు పడిందనుకోండి. 5 శాతం ద్రావణానికి రావాల్సింది 6.65 డిగ్రీలే, అందులో అది నాలుగున్నర శాతం. 20 శాతానికి ఒక శాతం పైచిలుకు. సగటులో ఈ రెంటికీ సమాన విలువ ఇస్తాం, పలచటి ద్రావణం మొత్తాన్ని పాడు చేస్తుంది. వాలులో ఆ 0.3 గీతని పైకో కిందికో జరుపుతుందే తప్ప వాలుని మార్చదు. అయితే గీతని బలవంతంగా సున్నా గుండా గీయకూడదు. గీస్తే ఆ లాభం పోతుంది.

చెరకు_కెమిస్ట్

నాలుగే చుక్కలు, చేత్తో గీసిన గీత. అందులో చేతి తప్పూ ఉంటుంది. నేనైతే 20 శాతం ద్రావణానికే పది రీడింగులు, రెండు వెర్నియర్లలోనూ తీసి, ముందొకసారి, తర్వాత ఒకసారి నీటి రీడింగ్ చూస్తాను. మాస్టారికి ఇది నచ్చదని తెలుసు.

శ్రావ్య_బీఎస్సీ

ఫ్లాస్క్‌లో గీత దాకా మళ్లీ చేశాను, అదే పంచదార. 20 శాతానికి 26.5 డిగ్రీలు. అంటే 66.25. మొదటి రీడింగులు కొట్టేయకుండా, కారణంతో సహా పక్క పేజీలో ఉంచుతున్నాను. ల్యాబ్‌లో వేడి 31 డిగ్రీలు, ఆ 0.25 తేడా దానివల్లేనా?

ల్యాబ్_మాస్టారు

వేడి వాటా అందులో సగం దాకా ఉంటుంది. పది డిగ్రీలు పెరిగినా సుక్రోజ్ విలువ నూటికి పావు వంతు కూడా తగ్గదు. మీ వెర్నియర్ 0.1 డిగ్రీ చూపుతుంది, 26.5లో అది దాదాపు 0.4 శాతం. కాబట్టి ఆ తేడా వేడిదో, వెర్నియర్‌దో ఈ ఒక్క రీడింగ్‌తో విడదీయలేం. 66.2 అని రాసి, పక్కన వేడి ఎంతో రాయి.