టికెట్ మీద ‘ప్రెజెంట్స్’ అంటే పాడేవాడా, పెట్టించేవాడా?

సుజాత: అమెరికాలో చదువుకున్న మా మేనమామ పాత పుస్తకాల్లో ఒక కచేరీ టికెట్ ముక్క దొరికింది. సగం చిరిగిపోయింది. పై వరుసలో ‘బిల్ గ్రాహమ్ ప్రెజెంట్స్’, దాని కింద ‘డే ఆన్ ద గ్రీన్’ అని ఉన్నాయి. తర్వాత ఒక వరుస పూర్తిగా వెలిసిపోయింది. ఆ కింద ‘రెయిన్ ఆర్ షైన్’, ‘ఓక్‌లాండ్’, ‘శనివారం, అక్టోబర్ 12’ అని కనిపిస్తున్నాయి. సంవత్సరం ఉండాల్సిన చోట చింపేశారు. ఒక మూల ‘బాస్’ అని కూడా ఉంది. ఈ ముక్కను ఆల్బమ్‌లో అంటించి కింద తెలుగులో నాలుగు మాటలు రాద్దామనుకుంటున్నాను. ‘బిల్ గ్రాహమ్ గానం’ అని రాయవచ్చా?

కిశోర్: రాయండి. ప్రెజెంట్స్ అంటే సమర్పించడమే కదా, ఆయనే పాట సమర్పిస్తున్నాడన్నమాట. బాస్ అంటే బాస్ గిటార్. ‘డే ఆన్ ద గ్రీన్’ ఆల్బమ్ పేరై ఉంటుంది.

వేణుమాధవ్: కిశోర్ గారూ, సమర్పించడం అన్న అర్థం సరే, సమర్పించేది పాటను కాదు. సినిమా పేర్లలో ‘ఫలానా వారు సమర్పించు’ అని పడితే ఆయనే హీరో అనుకోం కదా. బిల్ గ్రాహమ్ పాటగాడు కాదు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద కచేరీలు పెట్టించిన మనిషి, బిల్ గ్రాహమ్ ప్రెజెంట్స్ ఆయన సంస్థ. ‘డే ఆన్ ద గ్రీన్’ కూడా బ్యాండ్ పేరో ఆల్బమ్ పేరో కాదు. ఓక్‌లాండ్ కొలీజియం స్టేడియంలో ఆయన 1973 నుంచి నడిపిన పగటి కచేరీల వరుసకు ఆ పేరు. బాస్ అంటే వాయిద్యం కాదు, ‘బే ఏరియా సీటింగ్ సర్వీస్’కు పొట్టి పేరు, టికెట్లు అమ్మిన సంస్థ.

కాబట్టి మీ చేతిలో ఉన్న ముక్క మీద పెట్టించినవాడు, అమ్మినవాడు, కచేరీల వరుస పేరు అన్నీ మిగిలాయి, పాడినవాడి పేరే పోయింది. ఇలాంటి టికెట్లలో కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. అందరికంటే పైన, స్పష్టంగా ఉన్న పేరే గాయకుడిదనుకుంటారు.

రామారావు: ‘రెయిన్ ఆర్ షైన్’కి ‘వానొచ్చినా వరదొచ్చినా’ అని రాస్తే బాగుంటుంది. వాన పడితే డబ్బు వెనక్కివ్వం అనే కదా దాని భావం. వెలిసిన వరుస మీద గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టి చూడండమ్మా, అక్షరాలు పైకి తేలతాయి.

వేణుమాధవ్: అయ్యో, ఇస్త్రీ పెట్టకండి! కొన్ని టికెట్ల కాగితం మీద అక్షరాలు సిరాతో కాదు, వేడితో పడతాయి. అలాంటి కాగితానికి మళ్లీ వేడి తగిలిందా, మొత్తం నల్లబడుతుంది. లామినేషన్ చేయించినా అంతే. ముందు చీకటి గదిలో టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫొటో తీయండి, అచ్చు నొక్కిన గుర్తులుంటే నీడలు పడతాయి. తర్వాత మంచి స్కాన్ తీసి కాంట్రాస్ట్ పెంచండి. అప్పటికీ ఏమీ రాకపోతే దిగులు పడకండి, చదవకుండానే తేల్చే దారి ఒకటుంది.

సుజాత: అదేంటి, చెప్పండి!

వేణుమాధవ్: వారం, తేదీ రెండూ ఉన్నాయి. అక్టోబర్ 12 శనివారం పడిన సంవత్సరాలు 1968, 1974, 1985, 1991, 1996, 2002. ఆ కచేరీల వరుస 1973లో మొదలైంది కాబట్టి 1968 పోయింది. మిగతావాటికి ఏ కచేరీలో ఎవరు వాయించారో నమోదు చేసే setlist.fm అనే సైట్‌లో ఓక్‌లాండ్ కొలీజియం పేరు వెతికి, ఒక్కో ఏడాదికి ఆ తేదీ చూడండి. 1991 దగ్గర ఆగుతారు. ఆ రోజు అక్కడ సౌండ్‌గార్డెన్, ఫెయిత్ నో మోర్, క్వీన్స్‌రైక్, మెటాలికా ఒకే వేదిక మీద వాయించాయి. మెటాలికా వాళ్ల నల్ల అట్ట ఆల్బమ్ విడుదలై అప్పటికి సరిగ్గా రెండు నెలలు, ఆగస్టు 12న వచ్చింది.

ఒక జాగ్రత్త. బిల్ గ్రాహమ్ అదే నెల 25న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు, కానీ సంస్థ ఆ పేరుతోనే కొనసాగింది. అందువల్ల టికెట్ మీద ఆయన పేరు ఉన్నంత మాత్రాన 1991కి ముందుదే అని చెప్పలేం. కాలాన్ని పట్టించింది వారం-తేదీ జోడీ, పేరు కాదు.

కిశోర్: నాలుగు బ్యాండ్లలో వెలిసిన వరుసలో ఉన్నది ఎవరి పేరు? అందరి పేర్లూ ఉండొచ్చుగా.

వేణుమాధవ్: మంచి ప్రశ్న. ఒకే వరుస పోయిందంటున్నారు కాబట్టి బహుశా ఒకే పేరు. ఇలాంటి టికెట్లలో అక్షరాలన్నీ ఒకే వెడల్పుతో పడితే, లెక్క కట్టవచ్చు. ఇంగ్లీషులో ‘డే ఆన్ ద గ్రీన్’ ఖాళీలతో కలిపి 16 గడులు. మెటాలికా 9. క్వీన్స్‌రైక్, సౌండ్‌గార్డెన్ రెండూ 11. ఫెయిత్ నో మోర్ అయితే మధ్యలో రెండు ఖాళీలు కనిపించాలి. వెలిసిన మరక దాని పైనున్న ‘డే ఆన్ ద గ్రీన్’లోని ఏ అక్షరం కింద మొదలై ఎక్కడ ఆగిందో స్కేలుతో చూడండి, సుజాత గారూ. వరుసలు మధ్యకు సర్ది ఉంటేనే మొదలయ్యే చోటు పనికొస్తుంది, లేకుంటే పొడవు ఒక్కటే లెక్క.

పద్మ: నాకూ ఇలాంటి తలనొప్పే. మా అన్నయ్య వదిలేసిన నల్ల టీషర్ట్ ఒకటుంది. ముందు బొమ్మ పగిలి పగిలి పుర్రెలా మిగిలింది, లోపల మెడ పట్టీ మీద ‘బ్రాకమ్’ అని ఉంది. నెట్‌లో బ్రాకమ్ పాటలు వెతికి వెతికి అలసిపోయాను. ఇంకో నారింజ రంగు చేతి పట్టీ కూడా ఉంది, దాని మీద నంబర్ తప్ప ఏమీ లేదు.

వేణుమాధవ్: బ్రాకమ్ బ్యాండ్ కాదమ్మా, కచేరీల టీషర్టులు వేసి అమ్మిన కంపెనీ. మెడ పట్టీ చొక్కా గురించి చెబుతుంది, బొమ్మ గురించి కాదు. బొమ్మ అడుగున చాలా చిన్న అక్షరాల్లో కాపీరైట్ గుర్తు, సంవత్సరం, హక్కుదారు పేరు ఉంటాయి, భూతద్దం పెట్టి అది వెతకండి. వీపు మీద ఊళ్ల జాబితా ఉంటే ఇంకా మంచిది, మూడు ఊళ్లు వరుసగా చదవగలిగితే చాలు, ఏ పర్యటనో దొరుకుతుంది. అయితే కాపీరైట్ సంవత్సరం బొమ్మ గీసిన ఏడాది కావచ్చు, కచేరీ మరుసటి ఏడాది జరిగి ఉండొచ్చు. పాత ఏడాదినే ఉంచి కొత్తగా అచ్చేసినవీ ఉంటాయి. స్టేడియం బయట అమ్మిన నకిలీల మీద ఆ కాపీరైట్ అక్షరాలు ఉండకపోవడమే ఎక్కువ.

చేతి పట్టీతో పని కాదు. నంబర్ ఒకటే ఉంటే అది ఏ కట్టలోంచి వచ్చిందో అంతే, ఏ కచేరీయో చెప్పదు.

రామారావు: ఇస్త్రీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘ప్రెజెంట్స్’కి ‘నిర్వహణ’ అంటే సరిపోతుందా? సమర్పణ అంటే పూజలా వినిపిస్తుంది.

కిశోర్: నిర్వహణ అంటే మైకులు కట్టేవాళ్లలా ఉంది. సమర్పణే నయం.

సుజాత: స్కేలు పెట్టి చూశాను. మరక ‘డే ఆన్ ద గ్రీన్’లో మొదటి ఖాళీ దాటాక మొదలై, ‘గ్రీన్’ రెండో అక్షరం కింద ఆగింది. తొమ్మిది గడులే వస్తున్నాయి. మధ్యలో ఖాళీ ఉందో లేదో మాత్రం చెప్పలేను, అక్కడ కాగితం మడత పడింది.

వేణుమాధవ్: మీరు చెప్పిన చోట్ల ప్రకారం ఐదో గడి నుంచి పదమూడో గడి వరకు, అంటే 9. నాలుగింటిలో ఆ పొడవుకు మెటాలికా ఒక్కటే సరిపోతుంది. నేనైతే పేరు రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడతాను. మీ మామయ్య వాళ్ల కోసం వెళ్లాడో, ముందు వాయించిన సౌండ్‌గార్డెన్ కోసం వెళ్లాడో మాత్రం టికెట్ చెప్పదు.