అప్‌డేట్: అమ్మమ్మ ఫోటోలో ముఖానికి లోతు వచ్చింది

నేను అడిగినది: ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో అమ్మమ్మ ముఖం చదునుగా ఉంది. సహజంగా కాస్త లోతు తేవడం ఎలా?

మొదట ఏఐ రీలైటింగ్ ప్రయత్నించాను. ఎడమ నుంచి వెలుగు బాగానే పడింది. కానీ ఒక్కో కంటిపాప నడిమధ్య ఫ్లాష్ మెరుపు అలాగే ఉండిపోయింది, చెంప మీది ముడతలు నునుపైపోయాయి. ఆ ముడతలు లేకపోతే ఆమె మా అమ్మమ్మ కాదు. అందుకే దాన్ని వదిలేశాను.

తర్వాత ఫోటోషాప్‌లో Curves లేయర్ తీసుకుని మధ్య టోన్లను కొద్దిగా కిందికి దించాను. మాస్క్‌ను నల్లగా నింపి, కుడి చెంప అంచు నుంచి ముక్కు వైపు పలచబడేలా తెల్ల గ్రేడియంట్ లాగాను. చర్మం నారింజ రంగుకు తిరిగింది. బ్లెండ్ మోడ్ Luminosity చేయగానే సర్దుకుంది. దవడ కింద మెత్తని బ్రష్‌తో మరికొంత నీడ వేశాను. ఎడమ చెంప ఎముక మీద మాత్రం ఇంకో లేయర్‌తో చిన్న వెలుగు.

నీడ లేయర్ ఒపాసిటీ 60 శాతం దగ్గర మసి పూసినట్టుంది, 35 దగ్గర ఆగాను. కళ్లలో మెరుపు నడిమధ్యే ఉంది కాబట్టి ఇంతకంటే ఎక్కువ పక్క వెలుగు నప్పదు.